బండ్ల నాడు ఏ వేళకు వెళ్లాలి?

మా అత్తమ్మ పుట్టిల్లు పాపన్నపేట దగ్గర ఓ చిన్న పల్లె. ఏడుపాయల జాతర అనగానే ఆవిడ కళ్లు మెరుస్తాయి. చిన్నప్పుడు వాళ్ల నాయన బండి కట్టేవాడట. ఎడ్ల కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, బండి నిండా పిల్లలు! ఆ బండి అమ్మవారి గుడి చుట్టూ తిరిగేదాకా ఎవరూ దిగకూడదని షరతట. పెళ్లయి హైదరాబాదు వచ్చాక ఆ ముచ్చట తీరలేదు. పిల్లలు, చదువులు, పరీక్షలు... శివరాత్రి సరిగ్గా అప్పుడే వస్తుంది మరి!

'ఒక్కసారి బండ్లు తిరుగుడు చూపియ్యిండ్రి. ఒడిబియ్యం మొక్కు సుత ఉన్నది' అని ఆవిడ అడగడం, మేము 'వచ్చే ఏడు' అనడం ఏళ్ల తరబడి సాగింది. చివరికి 2023లో బయల్దేరాం. అదెంత పొరపాటో వెళ్లాక గానీ తెలియలేదు.

ముందు ఈ జాతర సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. మెదక్ పట్టణానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీర నది ఏడు పాయలుగా చీలుతుంది. ఆ పాయల మధ్య, బండరాళ్ల నీడన వనదుర్గా భవాని గుడి. ఏడు పాయలకూ సప్తర్షుల పేర్లు చెబుతారు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. మహాశివరాత్రికి మొదలై మూడు రోజులు జాతర. తెలంగాణ వచ్చాక దీన్ని రాష్ట్ర పండుగగా జరుపుతున్నారు.

మూడు రోజులు అన్నాను కదా... అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఈ మూడు రోజులూ ఒకే జాతర కాదు, మూడు వేర్వేరు పండుగలు. మొదటి రోజు శివరాత్రి. ఉపవాసం, నదీ స్నానం, రాత్రంతా జాగరణ. రెండో రోజు బండ్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి అలంకరించిన ఎడ్లబండ్లు వచ్చి గుడి చుట్టూ తిరుగుతాయి. మూడో రోజు రాత్రి రథోత్సవం. ఏ రోజు జనం వేరు, ఏ రోజు ఖర్చు వేరు. ఇది తెలియకుండా 'జాతరకు వెళ్దాం పదండి' అని కారెక్కితే ఏమవుతుందో మా 2023 యాత్రే చెబుతుంది.

ఆదివారం నాడు కారులో...

2023లో శివరాత్రి ఫిబ్రవరి 18, శనివారం. బండ్లు ఆదివారం. 'సెలవు కలిసొచ్చింది' అని మావారు తెగ సంబరపడ్డారు. మనకు కలిసొచ్చిన సెలవు ఊరందరికీ కలిసొస్తుందన్న చిన్న విషయం ఇద్దరికీ తట్టలేదు. పైగా జాతర లేకపోయినా ఆదివారం వస్తే ఏడుపాయలకు జనం పోటెత్తుతారు. యాటలు, కోళ్లు మొక్కి, అక్కడే వండుకు తిని వెళ్లడం ఈ ప్రాంతంలో అలవాటు. అంటే మేము వెళ్లిన రోజున మామూలు ఆదివారం జనం, జాతర జనం, మాలాంటి సెలవు జనం... ముగ్గురూ ఒకేచోట చేరారన్నమాట!

పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. నర్సాపూర్ అడవి దాటేవరకూ హాయిగానే ఉంది. మెదక్ రోడ్డు నుంచి పోతంశెట్టిపల్లి దగ్గర ఏడుపాయలకు మలుపు తిరగాలి. ఆ మలుపు ఇంకా రాకముందే కార్లు ఆగిపోయాయి. ముందున్న జీపు డ్రైవరు దిగి వేపపుల్ల విరుచుకుని పళ్లు తోముకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు అర్థమైంది మా పరిస్థితి.

కారు ఎక్కడో పొలంలో పెట్టించారు. అక్కణ్నుంచి నడక. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. నాలుగడుగులకో సారి కూర్చుంటూ గుడి దగ్గరికి చేరేసరికి ఒంటిగంట దాటింది. దర్శనం వరుస తోక ఎక్కడుందో వెతుక్కోవడానికే పావుగంట. వరుసలో ఉండగా మా చిన్నాడు తప్పిపోయాడు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. అన్ని వేలమంది ఒక్కచోట చేరితే ఫోన్లు పనిచేయవని మనకు గుర్తుండదు. ఇరవై నిమిషాల తర్వాత బొంగు పేలాల కొట్టు ముందు ఏడుస్తూ దొరికాడు. ఆ ఇరవై నిమిషాలు ఎలా గడిచాయో ఇప్పుడు రాయలేను.

ఇదంతా అయ్యేసరికి సాయంత్రమైంది. మేమింకా వరుసలోనే ఉన్నాం. డప్పుల చప్పుడు, ఎడ్ల గంటలు, కేకలు వినిపిస్తున్నాయి. బండ్లు తిరుగుతున్నాయి! మా ముందు మాత్రం మనుషుల వీపులు. వరుస వదిలితే దర్శనం పోతుంది, వదలకపోతే బండ్లు పోతాయి. అత్తమ్మ ఒడిబియ్యం మూట గుండెకు హత్తుకుని నిలబడింది. 'పోనీ తియ్, చప్పుడన్న ఇన్న గద' అంది. ఆ మాట మమ్మల్ని రెండేళ్లు వదల్లేదు.

ధర ఎందుకు పెరుగుతుంది?

ఆ రోజు ఖర్చు గురించీ చెప్పాలి. మొక్కు కోడి కొన్నాం. అది ఆరు వందలు. ఆ తర్వాతే అసలు కథ. కోసినందుకు ఇంత, కట్టెలకు ఇంత, వండే గిన్నెల కిరాయి ఇంత, కూర్చోవడానికి రేకుల నీడకు ఇంత, బిందె నీళ్లకు ఇంత! అన్నీ కూడితే పదిహేడు వందలయింది. కోడి ధర చూసి బేరమాడాం కానీ, కోడి చుట్టూ అల్లుకున్న ధరలను అడగనేలేదు. రాత్రి తిరిగి వెళ్లే ఓపిక లేక మెదక్‌లో ఓ లాడ్జీలో గది అడిగితే, మామూలు రోజుల కిరాయికి మూడింతలు చెప్పారు. అంతకుముందు ఫోన్ చేసి 'గది ఉంచండి' అన్నామనుకోండి. డబ్బు కట్టని మాటకు జాతర రోజుల్లో విలువుండదు.

అప్పుడు కోపమొచ్చింది కానీ, తర్వాత మా మరిది వివరిస్తే కొంత అర్థమైంది. ఆయన మెదక్‌లో రాందాస్ చౌరస్తాకు దగ్గర్లోనే ఉంటారు. మావారి పిన్ని కొడుకు. పేరుమోసిన జాతరల్లో కొబ్బరికాయల అమ్మకం లాంటి హక్కులను వేలం వేస్తారు. పాడుకున్నవాళ్లు ముందే పెద్దమొత్తం కట్టాలి. కట్టిన దాన్లో ఎక్కువ భాగం రాబట్టుకోవాల్సింది రద్దీ రోజుల్లోనే. గాజులు, బొమ్మలు అమ్ముకునే చిన్న కొట్టువాళ్లు కూడా ఎక్కడెక్కడి నుంచో సరుకు తెచ్చుకుని, జాగాకు కిరాయి కట్టి, మూడు రాత్రులు అక్కడే పడుకుంటారు. వాళ్ల ఏడాది లెక్కలో ఈ మూడు రోజులు పెద్ద భాగం. 'అంగడోణ్ని తిట్టి లాభం లేదు వదినా, ఏం కొనాల్నో ఏం కొనద్దో మనకు తెల్వాలె' అన్నాడు.

ఆయన లెక్క ప్రకారం జాతరలో ధరలు రెండు రకాలు. మనకు అప్పటికప్పుడు తప్పనిసరి అయ్యేవి మొదటి రకం. కొబ్బరికాయ, కోడి, కట్టెలు, నీడ, నీళ్లు, పిల్లాడి ఆకలి. వీటి ధర దిగదు. ఎందుకంటే మనం వదులుకోలేం. వీటిని మెదక్‌లోనో, ఇంటి దగ్గరో సమకూర్చుకుని వెళ్లాలి. కొనకపోయినా గడిచేవి రెండో రకం. గాజులు, బొమ్మలు, పుట్నాలు, పేలాలు. ఇవి మొదటి రోజు గట్టిగా చెబుతారు. మూడో రోజు మధ్యాహ్నానికి కొట్టువాడి కళ్లు సర్దుకోవాల్సిన మూటల మీద ఉంటాయి. అప్పుడు అడిగి చూడండి!

బస్సు ఛార్జీ సంగతి కూడా ఇలాంటిదే. జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు వేస్తుంది. 2025 శివరాత్రికి ఒక్క ఏడుపాయలకే 444 బస్సులు ప్రకటించారు. ఈ ప్రత్యేక బస్సుల్లో టికెట్ ధర మామూలు కంటే ఒకటిన్నర రెట్ల వరకూ ఉండొచ్చు. పండుగ బస్సు తిరిగి వచ్చేటప్పుడు ఖాళీగా వస్తుంది కనుక ఆ డీజిల్ ఖర్చుకని 2003లోనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రోజూ తిరిగే బస్సుల్లో మాత్రం ఎప్పటి ఛార్జీయే. కాబట్టి హైదరాబాద్ నుంచి మెదక్‌కు రోజువారీ బస్సులో వచ్చి, ఆ పదిహేను కిలోమీటర్లకే ప్రత్యేక బస్సు ఎక్కితే మగవాళ్ల టికెట్ ఖర్చు తగ్గుతుంది. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక మా ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టే లేదు. ఆధార్ కార్డు మర్చిపోకూడదంతే. మెదక్‌కు 2022 సెప్టెంబరు నుంచి కాచిగూడ రైలు కూడా ఉంది. కాకపోతే రోజుకు కొన్నే ప్యాసింజర్లు. వేళలు చూసుకుని మన పనికి కుదిరితేనే.

రెండేళ్ల తర్వాత...

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం వచ్చింది. బండ్లు గురువారం, రథం శుక్రవారం. క్యాలెండర్ చూసి ఈసారి నేనే మరిదికి ఫోన్ చేశాను. 'బండ్ల నాడు ఏ వేళకు రావాలి?' అని అడిగాను. ఏ రోజు అని కాదు, ఏ వేళ అని. ఆయన ఒక్క క్షణం ఆగి 'గిప్పుడు అడిగినవ్ వదినా' అన్నాడు.

ఆయన చెప్పిన లెక్క ఇదీ. శివరాత్రి నాడు పొద్దుటి నుంచీ జనం వస్తూనే ఉంటారు. సాయంత్రానికి నిండిపోతుంది. రాత్రి ఎవరూ వెళ్లరు, జాగరణ కదా. తెల్లారుజామున అందరూ స్నానాలు చేసి, దర్శనం చేసుకుని ఉపవాసం విడవాలని చూస్తారు. అందుకే రెండో రోజు ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా వరుస బాగా పొడుగు. అదే సమయంలో జాగరణ ముగించినవాళ్లు ఇళ్లకు బయల్దేరతారు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ ఎదురై రోడ్డు బిగుసుకుంటుంది. చాలామంది 'పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది' అనుకుని సరిగ్గా ఇందులో ఇరుక్కుంటారు! ఇతర గుళ్లకు పనికొచ్చే సూత్రం జాగరణ మర్నాడు పనికిరాదు.

ఉపవాసం విడిచిన తర్వాత పొయ్యిలు వెలుగుతాయి. మొదటి రోజు మాంసం ముట్టరు కనుక యాటలు, కోళ్ల మొక్కులన్నీ రెండో రోజే. పన్నెండు నుంచి మూడు దాకా జనమంతా చెట్ల కింద, బండల చాటున, వంటల దగ్గర ఉంటారు. పైన ఎండ మండుతుంటుంది. ఆ వేళలో వరుసకు వచ్చేవాళ్లు తక్కువ. నాలుగింటి నుంచి బండ్ల హడావుడి మొదలై మళ్లీ పోటెత్తుతుంది. అంటే బండ్ల నాడు మధ్యాహ్నం మూడు గంటలు మాత్రం కాస్త పల్చన. దానికి మనం కట్టే ధర ఎండ. గొడుగు, నీళ్లు ఉంటే కట్టొచ్చు.

సరే, ఆ ప్రకారమే చేశాం. గురువారం పొద్దున్నే జేబీఎస్‌లో మెదక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అత్తమ్మకు, నాకు, పాపకు సున్నా టికెట్లు. మావారు, చిన్నాడు మాత్రం డబ్బులిచ్చారు. పదింటికల్లా మెదక్. నేరుగా జాతరకు పోకుండా మరిది ఇంట్లో కాళ్లు కడుక్కుని, ఉప్మా తిని, మెదక్ చర్చికి వెళ్లాం. ఖాళీగా ఉన్న గంటన్నరకు అంతకంటే మంచి చోటు లేదు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పాస్నెట్ దొర కట్టించిన చర్చి అది. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైంది. రంగుటద్దాల కిటికీల్లో బొమ్మలు బయటి వెలుగు ఉంటేనే కనిపిస్తాయి. పొద్దువాలితే అవి వట్టి నల్లటి గాజులే. కాబట్టి జాతర ముగించుకుని రాత్రి చూద్దామనుకుంటే కుదరదు. ఆ రోజు చర్చి ఆవరణలో పిల్లలు చాలామంది ఆడుకుంటున్నారు. పనిదినం కదా అని అడిగితే, ఎమ్మెల్సీ ఎన్నికల పోలింగ్ వల్ల జిల్లాలో బడులకు సెలవట. అయ్యో, ఈ సంగతి చూసుకోలేదే అనిపించింది. మన క్యాలెండర్లో పనిదినం వాళ్ల ఊళ్లో సెలవు కావచ్చు. వెళ్లేముందు ఆ ఊరివాళ్లను ఒక్క మాట అడగడం మేలు.

కొబ్బరికాయలు, పసుపు కుంకుమలు, ఒడిబియ్యంలోకి కుడుకలు, పోకలు, రవికె గుడ్డ మెదక్ బజార్లోనే కొన్నాం. మొక్కు కోడిని మరిది తన బండి మీద తెచ్చాడు. ఆయన చేసిన ఇంకో ఏర్పాటు నాకు భలే నచ్చింది. కోడిని అక్కడ మొక్కి కోయించి, డబ్బాలో పెట్టుకుని, వంట మెదక్‌లో ఇంటి దగ్గర! కట్టెలు, గిన్నెలు, నీడ, బిందెల కిరాయిలన్నీ ఒక్క దెబ్బతో ఎగిరిపోయాయి. మెదక్‌లో చుట్టాలు లేనివాళ్లు ఓ గిన్నె, చిన్న పట్టా, నీళ్ల క్యాను ఇంటి నుంచి తెచ్చుకున్నా ఈ ఖర్చులో చాలావరకూ తప్పుతుంది. లేదా ఆ ఒక్కరోజు పులిహోర పొట్లాలతో సరిపెట్టుకుని, యాట మొక్కును జాతర లేని ఓ మంగళవారానికో గురువారానికో వాయిదా వేసుకోవచ్చు. అమ్మవారు ఏమీ అనుకోదని మా అత్తమ్మే హామీ ఇచ్చింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఏడుపాయల చేరాం. బస్సు దిగి కొంత నడవాలి, అది తప్పదు. ముందుగా అందరం ఒక పెద్ద రాయిని గుర్తుపెట్టుకున్నాం. 'తప్పిపోతే ఫోన్ చేయొద్దు, వెతకొద్దు, ఇక్కడికి వచ్చి నిలబడాలి' అని పిల్లలతో రెండుసార్లు చెప్పించాను. 2023 భయం అది. వరుస ముప్పావు గంటలో కదిలింది. అత్తమ్మ ఒడిబియ్యం పోసింది. పక్కనే శివమెత్తి ఊగుతున్న ఓ శివసత్తి అత్తమ్మను చూసి చేయెత్తి దీవించింది. అత్తమ్మ కళ్లనిండా నీళ్లు!

నది దగ్గర ఓ హెచ్చరిక

దర్శనమయ్యాక పిల్లలు నీళ్లలో దిగుతామన్నారు. ఇక్కడ ఓ సంగతి తెలియాలి. మాఘమాసం చివర్లో మంజీరలో సహజంగా పారే నీరు చాలా తక్కువ. జాతర స్నానాల కోసం ఎగువన సింగూరు ప్రాజెక్టు నుంచి నీళ్లు వదులుతారు. కరువు ఏళ్లలో సింగూరే అడుగంటితే ఆ నీళ్లూ కష్టమే, 2016లో చూశాం కదా. నీళ్లు వదిలిన ఏడాది పాయలు చూడ్డానికి మోకాలి లోతే అనిపిస్తాయి. కానీ నది అడుగంతా బండరాళ్లు, వాటి మధ్య గుంతలు. ఒకచోట పాదం తడిస్తే రెండడుగుల అవతల మనిషి మునిగే లోతు ఉండొచ్చు. పైనుంచి పారే నీళ్లలో అది కనిపించదు. పైగా నాచు. ఏడుపాయల్లో స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం. స్నానానికి ఏర్పాటు చేసిన చోటే దిగాలి. పక్కన ఖాళీగా ఉందని ఇంకో పాయకు పోకూడదు. ఖాళీగా ఉండటానికి కారణం ఉండే ఉంటుంది. మా పిల్లలను చెంబుతో తలమీద నీళ్లు పోసి సరిపెట్టాను. అలిగారు, అలిగితే అలగనీ!

నాలుగు దాటాక మరిది మమ్మల్ని గుడికి కాస్త దూరంగా, బండ్లు వచ్చే దారి కనిపించే ఓ మిట్ట మీద కూర్చోబెట్టాడు. గుడి ఎదుటే చూడాలనుకుంటే తోపులాటలో ఉండాలి. బండి చక్రాలు, బెదిరిన ఎడ్లు, పరుగెత్తే జనం... ముసలివాళ్లకు, పిల్లలకు అది చోటు కాదు. మిట్ట మీద నుంచి అమ్మవారి గుడి చుట్టూ తిరిగే భాగం సగమే కనిపించింది. కానీ వరుసగా వచ్చే బండ్లన్నీ కనిపించాయి. మామిడాకులు, రంగు కాగితాలు, చీరలు కట్టిన బండ్లు. మధ్యమధ్య ట్రాక్టర్లు కూడా. అత్తమ్మ ట్రాక్టర్లను లెక్కలోకి తీసుకోలేదు. ఎడ్లబండి వచ్చినప్పుడల్లా 'గదో' అని చూపించేది. ఒక బండిలో కిక్కిరిసిన పిల్లల్ని చూసి 'దిగకుండ్రి, తిరిగినంక దిగుండ్రి' అని ఇక్కణ్నుంచే కేకేసింది. వాళ్లకు వినపడదని తెలిసీ!

తిరుగు ప్రయాణంలో ఓ జాగ్రత్త చెప్పాడు మరిది. బండ్లు అయిపోగానే అందరూ ఒక్కసారిగా రోడ్డెక్కుతారు. అప్పుడు పరుగెత్తినా, గంట ఆగి బయల్దేరినా ఇల్లు చేరేది దాదాపు ఒకే సమయానికి. ఆ గంట రోడ్డు మీద నిలబడే బదులు కూర్చుని పుట్నాలు తింటే నయం. అలాగే చేశాం. అయితే చీకటి పడుతోంది. శివరాత్రి అంటే బహుళ చతుర్దశి, ఆ వెంటే అమావాస్య. జాతర మూడు రాత్రులూ వెన్నెల ఉండదన్నమాట. దీపాలు పెట్టిన చోటు దాటితే రాళ్లలో కాలు ఎక్కడ పడుతుందో తెలియదు. టార్చిలైటు మర్చిపోవద్దు. ఫోన్ లైటు నమ్ముకుంటే సిగ్నల్ వెతుక్కునీ వెతుక్కునీ అది అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. కారులో వచ్చేవాళ్లు గుడికి దగ్గరగా పెట్టాలని తాపత్రయపడకుండా, వెనక్కి తిరిగి రోడ్డువైపు మొహంపెట్టి దూరంగా ఆపుకోవడం మంచిది. వచ్చేటప్పుడు అర కిలోమీటరు నడక ఎక్కువ, పోయేటప్పుడు గంట తక్కువ.

రాత్రి తొమ్మిదింటికి మరిది ఇంట్లో కోడికూర, జొన్నరొట్టెలు. మొత్తం ఐదుగురికి బస్సులు, బజారు ఖర్చు, కోడితో కలిపి 2023లో ఒక్క రాత్రి లాడ్జీకి ఇచ్చినంత కూడా కాలేదు.

అన్నీ అమిరాయని కాదు. రథం చూడలేదు. రథోత్సవం మూడో రోజు రాత్రి. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ రాత్రికి వస్తాయి. తేరు కదిలే వేళకు తోపులాట తప్పదు. చంటిపిల్లలతో, పెద్దవాళ్లతో ఆ రాత్రి వెళ్లకూడదనే నా అభిప్రాయం. వెళ్లగలిగితే మూడో రోజు పగలు వెళ్లి, అలంకరించిన రథాన్ని చూసి, దిగివస్తున్న ధరల్లో గాజులు కొనుక్కుని, చీకటి పడకముందే మెదక్ చేరడం తేలిక. జనమే వద్దనుకుంటే ఏ వారం మధ్యలోనో గుడికి వెళ్లొచ్చు. వానాకాలం మాత్రం ముందు కనుక్కోవాలి. మంజీరకు వరదొస్తే గుడి మునిగిపోతుంది. 2025 ఆగస్టు చివరి వానలకూ అదే జరిగింది. అప్పుడు ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురంలో ఉంచి పూజలు చేస్తారు, అసలు గుడి చెంతకు పోనివ్వరు. ఆ రోజుల్లో వెళ్తే నీళ్ల హోరు చూడొచ్చు గానీ, బండ్లు ఉండవు, శివసత్తులు ఉండరు, జాతర ఉండదు.

రాబోయే ఏళ్ల లెక్క కూడా చూశాను. 2027లో శివరాత్రి మార్చి 6, శనివారం. అంటే బండ్లు మళ్లీ ఆదివారమే, అచ్చం 2023 లాగా! ఆ ఏడు మూడో రోజు సోమవారం పగలు వెళ్లడమే ఉత్తమం. 2028లో ఫిబ్రవరి 23, బుధవారం. మళ్లీ 2025 లాంటి వరుస. బండ్లు చూడాలనుకునే కుటుంబాలు ఆ ఏడాది గుర్తుపెట్టుకోవచ్చు. పంచాంగంలో ఒకసారి సరిచూసుకోండి. అర్ధరాత్రి చతుర్దశి ఏ తేదీన ఉందో ఆ రోజే శివరాత్రి.

ఇదంతా మా అత్తమ్మకు వివరించి, '2027లో సోమవారం పోదాం, పగటిపూట రథం చూసి వచ్చేద్దాం' అన్నాను. ఆవిడ విని, ఫోన్ తీసుకుని మరిదికి చేసింది. 'ఏం బిడ్డా, రథం రాత్రి గద కదిలేది! పొద్దుగాల నిలబడ్డ రథాన్ని జూసి ఏం జేస్త?' అని అడిగింది. అవతల మరిది ఏమన్నాడో వినపడలేదు. 'ఆఁ... ఆఁ... మిట్ట మీద కుర్చీ యేస్తవా? మరి టార్చిలైటు నేను తెస్త' అంది అత్తమ్మ.